90 ట్రేడ్ల జర్నల్: ప్రాజెక్టు డైరీ

ఎవరైనా, మార్కెట్లో నా ట్రేడ్లు రాసుకునే ఈ షీట్‌ను నకలు చేసుకోవచ్చని, నేను పడ్డ గుంటల్లో పడకుండా ఉంటారని ఇది రాసి పెడుతున్నాను. నా ట్రేడ్లు చాలావరకు అదే రోజు ముగుస్తాయి. ఒక్కో ట్రేడ్‌లో స్టాప్, అంటే నష్టం అక్కడితో ఆగేలా ముందే పెట్టుకున్న ధర, తగిలితే సుమారు 200 యూనిట్ల డబ్బు పోయేలా క్వాంటిటీ లెక్కేసుకుంటాను. యూనిట్ అంటే ఏ కరెన్సీ అయినా అనుకోండి. ఆ 200ను 1 ఆర్ అంటాను. అంటే ప్లాన్ ప్రకారం ఓడితే −1 ఆర్, రిస్క్‌కు రెట్టింపు గెలిస్తే +2 ఆర్. డైరీలోని మొత్తాలన్నీ ఆర్‌లోనే ఉంటాయి, ఎందుకంటే క్వాంటిటీ మారినా ట్రేడ్లను పోల్చగలిగేది దానితోనే.

## దశ 1: ట్రేడ్ 1 నుంచి 20, షీట్ అబద్ధం చెప్పింది

మొదటి షీట్‌లో 23 కాలమ్‌లు పెట్టాను. మార్కెట్ మూడ్, నిద్ర గంటలు, ధీమా పదికి ఎంత, టెన్షన్ పదికి ఎంత, ఇలా. నాలుగో రోజుకే సగం గడులు ఖాళీగా మిగిలాయి. మిగతావి వారాంతంలో కూర్చుని నింపడం మొదలుపెట్టాను. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, శుక్రవారం దాటాక మంగళవారం ఎంట్రీకి కారణం రాయడం.

అలా రాసిన కారణాలు ఎంత నమ్మదగినవో చూద్దామని 10 ట్రేడ్లకు రెండుసార్లు రాశాను. ఆర్డర్ వేసే ముందు ఒక వాక్యం, రెండు రోజుల తర్వాత మొదటిది చూడకుండా ఇంకో వాక్యం. నాలుగింటిలో రెండూ కలవలేదు. ట్రేడ్ 13కు ముందు రాసింది: "పైకి పోతోంది, మిస్సవుతానేమో." తర్వాత రాసింది: "బ్రేకౌట్ తర్వాత రీటెస్ట్, వాల్యూమ్ సపోర్ట్ ఉంది." రెండోది చదివితే ఎవరో చాలా తెలిసినవాడు చేసిన ట్రేడ్‌లా ఉంది. అప్పటినుంచి ఆర్డర్ ముందు రాయని కారణానికి విలువ ఇవ్వడం మానేశాను. గడి ఖాళీగా ఉంటే ఖాళీగానే వదిలేస్తున్నాను, తర్వాత నింపను.

టెన్షన్ కాలమ్ కూడా పోయింది. 20 గడుల్లో 15 చోట్ల 5 లేదా 6 ఉంది. ఏ ట్రేడ్‌నూ ఇంకో ట్రేడ్ నుంచి వేరు చేయని కాలమ్ ఎందుకు? దాని బదులు ఆర్డర్ రకం రాయడం మొదలుపెట్టాను: నేను చెప్పిన ధరకో అంతకన్నా మంచి ధరకో మాత్రమే జరిగే లిమిట్ ఆర్డరా, ఉన్న ధరకు వెంటనే జరిగే మార్కెట్ ఆర్డరా అని. ఇది ఊహ కాదు, బ్రోకర్ రికార్డులో ఉన్న విషయం. దీని ఉపయోగం దశ 3లో తెలిసింది.

అసలు వైఫల్యం ఇంకొకటి. 20 ట్రేడ్లు పూర్తయ్యాక షీట్ మొత్తం −0.9 ఆర్ చూపించింది. పర్లేదు అనుకున్నాను. బ్రోకర్ స్టేట్‌మెంట్ తెరిచి చూస్తే పోయింది 620 యూనిట్లు, అంటే −3.1 ఆర్. మధ్యలో 2.2 ఆర్ తేడా.

ఒక్కో వరుసా స్టేట్‌మెంట్‌తో పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. 1.2 ఆర్ ఛార్జీలు: బ్రోకరేజీ, పన్నులు, ఫీజులు. ఒక్కో ట్రేడ్‌కు సగటున 0.06 ఆర్. వాటికి నా షీట్‌లో కాలమే లేదు. మిగిలిన 1.0 ఆర్ మూడు ట్రేడ్లలో దాక్కుని ఉంది. ఆ మూడింటిలోనూ ఒకే కథ. అందులో ట్రేడ్ 9 ఇది:

1. లాంగ్, అంటే ధర పెరుగుతుందని కొన్నది, ఎంట్రీ 250, స్టాప్ 245, క్వాంటిటీ 40. రిస్క్ 5 × 40 = 200.
2. ధర 245.4కు రాగానే స్టాప్‌ను 242కు దించాను.
3. షీట్‌లో స్టాప్ గడి ఒక్కటే ఉంది. అందులో 245 చెరిపేసి 242 రాశాను. "తాజాగా ఉంచుతున్నాను" అనుకున్నాను.
4. ఎగ్జిట్ 241.8. యూనిట్‌కు నష్టం 8.2.

షీట్ ఆ 8.2ను మార్చిన దూరం 8తో భాగించి −1.03 ఆర్ అని చూపించింది. చూసేవాడికి చక్కగా స్టాప్ దగ్గర బయటపడ్డ ట్రేడ్. నిజానికి మొదట ఒప్పుకున్న రిస్క్ 5. 8.2ను 5తో భాగిస్తే −1.64 ఆర్. నేను ఏ తప్పును పట్టుకోవడానికి జర్నల్ పెట్టానో, ఆ తప్పు చేసిన ప్రతిసారీ షీట్ దాన్ని సరిచేసి చూపించింది.

మొదటి స్టాప్ ధరలు గుర్తున్నాయనుకోకండి, నాకూ గుర్తులేవు. బ్రోకర్ ఆర్డర్ హిస్టరీలో ప్రతి ఆర్డర్‌కూ మొదట పెట్టిన ధర, ఆ తర్వాతి సవరణలు సమయంతో సహా ఉన్నాయి. అక్కడినుంచి 20 వరుసలూ మళ్ళీ నింపాను. కొందరు బ్రోకర్ల దగ్గర ఈ వివరాలు ఆ రోజు వరకే కనిపిస్తాయి. అలాంటిచోట ఏ రోజుకారోజు దించుకోవాలి.

ఇప్పటివరకు: 20 ట్రేడ్లు, −3.1 ఆర్ (ఛార్జీలు పోను).

## దశ 2: ట్రేడ్ 21 నుంచి 40, కొత్త షీట్

23 కాలమ్‌లను 16కు తగ్గించాను. అందులో మూడు షీటే లెక్కేస్తుంది, కాబట్టి చేత్తో నింపేవి 13.

ఆర్డర్ ముందు లేదా వేసిన వెంటనే నింపేవి: A ఎంట్రీ తేదీ, సమయం; B ఏం కొన్నాను, లాంగా, ధర పడుతుందని ముందు అమ్మి తర్వాత కొనే షార్టా; C క్వాంటిటీ; D ఎంట్రీ ధర; E మొదటి స్టాప్; F టార్గెట్; N ఆర్డర్ రకం; O కారణం, ఒకే వాక్యం.

ఎగ్జిట్ తర్వాత నింపేవి: G చివరి స్టాప్, H ఎగ్జిట్ ధర, I ఎగ్జిట్ తేదీ, సమయం, J ఛార్జీలు, P తప్పు ట్యాగ్.

షీట్ లెక్కేసేవి: K నికర ఆర్, L గత ట్రేడ్ ముగిశాక ఎన్ని నిమిషాలకు ఈ ట్రేడ్, M గత ట్రేడ్ ఆర్ ఎంత.

```
K2: =(H2-D2)/(D2-E2)-J2/(ABS(D2-E2)*C2)
L3: =(A3-I2)*1440
M3: =K2
```

K ఫార్ములా లాంగ్‌కూ షార్ట్‌కూ ఒకటే, వేరే షరతు అక్కర్లేదు. షార్ట్ 100 దగ్గర, స్టాప్ 102, ఎగ్జిట్ 97 అయితే పైన −3, కింద −2, ఫలితం +1.5. రెండు మైనస్‌లు కొట్టుకుపోతాయి. సగం సగం అమ్మి బయటపడితే H గడిలో క్వాంటిటీని బట్టి సగటు ధర రాయాలి.

ఈ దశలో సరిదిద్దినవి:

1. E కాలమ్‌కు తాళం వేశాను. స్ప్రెడ్‌షీట్‌లో ఎంచుకున్న గడులను రక్షించే సెట్టింగ్ ఉంటుంది. ఎంట్రీ అయ్యాక ఆ రోజు గడులు మూసేస్తాను. స్టాప్ మార్చితే కొత్త ధర G లోకే వెళ్ళాలి. E, G వేరుగా ఉన్నాయంటే స్టాప్ కదిలిందన్నమాట. లాభం వైపు జరిపితే అది ట్రెయిలింగ్, నష్టం వైపు జరిపితే తప్పు.
2. A, I గడుల్లో సమయం ఒక్కటే రాసేవాణ్ణి. మర్నాడు మొదటి ట్రేడ్‌కు L లో మైనస్ నిమిషాలు వచ్చాయి. తేదీ, సమయం ఒకే గడిలో రాస్తే సరిపోయింది. ఇప్పటికీ మైనస్ కనిపిస్తే, గత ట్రేడ్ ఇంకా తెరిచి ఉండగానే కొత్తది మొదలుపెట్టానని అర్థం.
3. ఎంట్రీ సమయంలో చార్ట్ స్క్రీన్‌షాట్ తీస్తాను, మూడు ధరలూ గీతలుగా కనిపించేలా. ఫైలు పేరు వరుస నంబరే. మునుపు ఎగ్జిట్ తర్వాత మాత్రమే తీసేవాణ్ణి. అప్పుడు కుడివైపు జరిగిందంతా కనిపిస్తుంటే, ఎడమవైపు చూసి ఏం అనుకున్నానో నిజాయితీగా చెప్పడం కుదరదు.
4. ప్రతి శుక్రవారం K నుంచి వచ్చిన డబ్బు మొత్తాన్ని స్టేట్‌మెంట్‌తో సరిచూస్తాను. తేడా 5 యూనిట్లు దాటితే వరుస వరుసా వెతుకుతాను.

ఇంకో విషయం. −1 ఆర్ కన్నా కొంచెం ఎక్కువ నష్టం వచ్చిన ప్రతిసారీ కంగారు పడక్కర్లేదు. స్టాప్ 245 అయినా ఆర్డర్ 244.7 దగ్గర పూర్తికావచ్చు. దానికి ఛార్జీలు కలిపితే −1.12 ఆర్ వస్తుంది. అందుకే −1.2 కన్నా దిగువకు పోయినవే విడిగా చూస్తున్నాను. రెండు ట్రేడ్లు రాత్రి ఉంచినవి, మర్నాడు ధర స్టాప్‌ను దాటి కిందనే తెరుచుకుంది. వాటికి "గ్యాప్" అని రాసి పక్కన పెట్టాను. రాత్రి ఉంచడం తప్పా కాదా అన్నది వేరే ప్రశ్న, స్టాప్ కదపడంతో కలపకూడదు.

ఇప్పటివరకు: 40 ట్రేడ్లు, −5.6 ఆర్.

## దశ 3: ట్రేడ్ 60 దగ్గర రివ్యూ

వారం వారం రివ్యూ చేస్తే అయిదారు ట్రేడ్లే ఉండేవి. చివరి నష్టం ఏదైతే అదే నా "పెద్ద సమస్య"గా కనిపించేది. అందుకే 60 అయ్యేదాకా ఆగాను. మొత్తం −7.8 ఆర్. ఇందులో 3.6 ఆర్ ఛార్జీలే.

కూర్చునే ముందే నా అనుమానాలు కాగితం మీద రాసుకున్నాను. ఒకటి, స్టాప్ కదపడం. రెండు, లాభాలను తొందరగా కోసేయడం. ప్రతి అనుమానానికీ ఒకే ప్రశ్న వేశాను: ప్లాన్ ప్రకారం వదిలేసి ఉంటే ఎంత వచ్చేది, నిజంగా ఎంత వచ్చింది?

స్టాప్ కదపడం. 11 ట్రేడ్లు. ఎనిమిదింటిలో నష్టం పెరిగింది. వాటి మొత్తం −13.7 ఆర్, కదపకుంటే −8 ఆర్. అదనపు నష్టం 5.7. మొదట లెక్క ఇక్కడే ఆపేశాను, అది మోసం. మిగతా మూడింటిలో ధర తిరిగొచ్చింది, కొద్దిపాటి లాభంతో బయటపడ్డాను. మొత్తం +0.6 ఆర్, కదపకుంటే −3. అంటే 3.6 మిగిలింది. రెండూ కలిపితే ఈ అలవాటు ఖరీదు 2.1 ఆర్.

ఆ మూడు ట్రేడ్లు స్క్రీన్‌షాట్లు చూడకుండానే గుర్తున్నాయి. ఎనిమిదింటిలో రెండు మాత్రమే గుర్తున్నాయి. అలవాటు ఎందుకు వదల్లేదో ఆ రెండు సంఖ్యలు చాలు.

తొందరగా కోసేయడం. 2 ఆర్ టార్గెట్ రాకముందే లాభంతో మూసేసినవి 14. వాటిలో వచ్చింది మొత్తం 9.8 ఆర్. తర్వాత చార్ట్ తెరిచి ఒక్కోదానికి చూశాను: ధర ముందు టార్గెట్‌ను తాకిందా, మొదటి స్టాప్‌నా? ఆరు టార్గెట్‌కు వెళ్ళాయి, ఎనిమిది స్టాప్‌కు. ఉంచి ఉంటే 12 − 8 = 4 ఆర్. అంటే ఇన్నాళ్ళూ నన్ను నేను తిట్టుకున్న అలవాటు 5.8 ఆర్ మిగిల్చింది. 14 ట్రేడ్లతో తీర్పు చెప్పలేను, కానీ దీన్ని తప్పుల జాబితాలోంచి తీసేశాను. టార్గెట్ మరీ దూరంగా పెడుతున్నానేమో అన్నది ఇప్పుడు అసలు ప్రశ్న.

నాకు తట్టనిది. రెండు అనుమానాలూ కలిపినా −7.8 ఎక్కడినుంచి వచ్చిందో తెలియలేదు. L, M కాలమ్‌లు ఊరికే పెట్టినవే, వాటిమీద వడపోత పెట్టి చూశాను: గత ట్రేడ్ నష్టం, ఆ తర్వాత 20 నిమిషాల్లోపే కొత్త ఎంట్రీ.

```
=COUNTIFS(L:L,">=0",L:L,"<=20",M:M,"<0")
=SUMIFS(K:K,L:L,">=0",L:L,"<=20",M:M,"<0")
```

17 ట్రేడ్లు, −9.5 ఆర్. మిగతా 43 ట్రేడ్లు +1.7 ఆర్.

ఆ 17లో 13 మార్కెట్ ఆర్డర్లు. మామూలుగా నేను లిమిట్ వేసేవాణ్ణి. O గడులు చదివితే 5 ఖాళీ. మిగతావాటిలో రెండు చోట్ల "ఇక్కడ తిరగాలి" అని ఉంది. ఏం తిరగాలో, ఎందుకు తిరగాలో లేదు. స్టాప్ కదిపిన 11 ట్రేడ్లలో 6 కూడా ఈ 17లోనే ఉన్నాయి. అంటే 2.1 ఆర్, 9.5 ఆర్ అని రెండు ఖరీదులు రాసి కూడితే ఒకే నష్టాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టే. అప్పటినుంచి P గడిలో ఒకే ట్యాగ్ రాస్తున్నాను: ఆ ట్రేడ్‌లో అన్నిటికంటే ముందు జరిగిన తప్పు. నష్టం తర్వాత దూకాను, ఆపైన స్టాప్ కదిపాను అంటే ట్యాగ్ "దూకుడు". ట్యాగులు కూడా మూడే: దూకుడు, స్టాప్ కదిపాను, ప్లాన్ లేదు. మొదట 14 ట్యాగులు ఉండేవి. ఒక్కోదానికి రెండు మూడు ట్రేడ్లే వచ్చి ఏదీ తేలలేదు.

20 నిమిషాలు ఎక్కడినుంచి వచ్చాయని అడగొచ్చు. నాలుగు హద్దులు చూశాను:

1. 10 నిమిషాలు: 9 ట్రేడ్లు, −5.9 ఆర్
2. 20 నిమిషాలు: 17 ట్రేడ్లు, −9.5 ఆర్
3. 30 నిమిషాలు: 21 ట్రేడ్లు, −9.1 ఆర్
4. 60 నిమిషాలు: 26 ట్రేడ్లు, −8.2 ఆర్

20 తర్వాత చేరిన ట్రేడ్లు కాస్త లాభంలోనే ఉన్నాయి. కానీ నాలుగు హద్దులు చూసి అన్నిటికంటే చెడ్డగా కనిపించినదాన్ని ఎంచుకుంటే, అది అసలుకన్నా చెడ్డగా కనిపించడం ఖాయం. నా ట్రేడ్ల ఫలితాలు సగటు చుట్టూ ఒక్కోటి సుమారు 1.2 ఆర్ అటూ ఇటూ చెదురుతాయి. 17 ట్రేడ్ల మొత్తం అదృష్టం కొద్దీ అటూ ఇటూ ఊగేది 1.2 × √17, అంటే దాదాపు 4.9 ఆర్. −9.5 దానికి రెండింతలకు కొంచెం తక్కువ. గట్టి అనుమానం, రుజువు కాదు. కొత్త ట్రేడ్లమీద పరీక్షించాల్సిందే.

ఇప్పటివరకు: 60 ట్రేడ్లు, −7.8 ఆర్.

## దశ 4: ట్రేడ్ 61 నుంచి 90, ఒకే ఒక్క మార్పు

మూడు నియమాలు ఒకేసారి పెడదామనిపించింది. పెడితే ఏది పనిచేసిందో తెలియదు. ఒకటే పెట్టాను, షీట్ మొదటి వరుసలో రాశాను: "నష్టంతో మూసిన చార్ట్‌లో 30 నిమిషాల దాకా కొత్త ఆర్డర్ లేదు." 20 బదులు 30 ఎందుకంటే, గడియారం చూసుకుంటూ 21వ నిమిషానికి దూకే మనిషిని నేనే కాబట్టి.

అమలు ఇలా:

1. స్టాప్ తగలగానే ముందు వరుస పూర్తిచేయాలి: H, I, G.
2. ఫోన్‌లో 30 నిమిషాల టైమర్.
3. ఆర్డర్ విండో మూసేయాలి. చార్ట్ తెరిచి ఉంచొచ్చు.
4. టైమర్ మోగేలోపు ఏదైనా ఎంట్రీ కనిపిస్తే వేయకుండా, వేరే షీట్‌లో ధరలతో సహా రాసిపెట్టాలి.

నాలుగో అంకె లేకపోతే నియమం ఖరీదు తెలియదు. 30 ట్రేడ్ల కాలంలో అలా రాసిపెట్టినవి 7. వేసి ఉంటే రెండు టార్గెట్‌కు, ఐదు స్టాప్‌కు వెళ్ళేవి: +4 − 5 = −1 ఆర్, ఛార్జీలు కాక.

ఫలితం: 30 ట్రేడ్లు, +1.9 ఆర్. ఇది చూసి పొంగిపోలేదు. 30 ట్రేడ్ల మొత్తం ఊరికే ఊగేదే 1.2 × √30, దాదాపు 6.6 ఆర్. +1.9 అందులో ఎక్కడో కలిసిపోతుంది. డబ్బు మొత్తం కంటే తప్పుల లెక్క త్వరగా తేలుతుంది కాబట్టి దాన్నే చూశాను. ఆ లెక్కకు భాగించేది కూడా ముఖ్యం. మొత్తం ట్రేడ్లతో కాదు, నష్టాలతో భాగించాలి, ఎందుకంటే నష్టం వస్తేనే దూకే అవకాశం. మొదటి 60లో 36 నష్టాలు, 17 దూకుళ్ళు, అంటే దాదాపు సగం. ఈ 30లో 16 నష్టాలు, 4 దూకుళ్ళు. పావు వంతు. స్టాప్ కదపడం 60లో 11 నుంచి 30లో 3కు వచ్చింది. శాతంలో ఇది 18 నుంచి 10. దానికి నేను వేరే ప్రయత్నమేమీ చేయలేదు.

ఆ నాలుగు దూకుళ్ళు −2.6 ఆర్ తిన్నాయి. మిగతా 26 ట్రేడ్లు +4.5 ఆర్.

నాలుగింటి B గడులు చూశాను. మూడింటిలో నష్టం ఒక చార్ట్‌లో, దూకుడు ఇంకో చార్ట్‌లో. ట్రేడ్ 74 చూడండి: నష్టం 11:42కు, కొత్త ఎంట్రీ 11:49కు, మార్కెట్ ఆర్డర్. O గడిలో "ఇది వేరే, నియమం వర్తించదు." నేను రాసిన నియమంలో "మూసిన చార్ట్‌లో" అని ఉంది, దాన్ని అక్షరాలా పాటించాను. L కాలమ్‌కు చార్ట్ సంగతి తెలియదు, అది గడియారం మాత్రమే చూస్తుంది, అందుకే పట్టుకుంది.

ఇప్పటివరకు: 90 ట్రేడ్లు, −5.9 ఆర్.

మొదటి వరుసలోంచి "నష్టంతో మూసిన చార్ట్‌లో" తీసేసి "నష్టం తర్వాత ఏ చార్ట్‌లోనైనా" అని మార్చాను. పాత వాక్యాన్ని చెరిపేయకుండా దాని కింద తేదీ వేసి ఉంచాను. ట్రేడ్ 91కి వరుస తెరిచి ఉంది, E గడి ఇంకా ఖాళీ.